బెల్టు లేని ఏడు

పెద్ద వరద వచ్చాక రెండో ఏడు, వానలు ఇంకా మొదలవకముందు జరిగింది ఇది. మావాళ్లు ఏదైనా వరదతోనే లెక్కేస్తారు. ఎవరి పెళ్లి ఎప్పుడయిందని అడిగితే వరదకి ముందా వెనకా అంటారు. చావయినా అంతే.

నా పని గుంటలు తవ్వడం. వరద తీశాక ఏటిగట్టు లోపలివైపు శ్మశానం చాల్లేదు. పక్కనున్న ఖాళీ జాగా కూడా ఇచ్చారు. తమవాళ్లని గుర్తుపట్టినవాళ్లు తీసుకుపోయారు. ఎవరూ రాని వాళ్లని మేం వరసలు వరసలుగా పెట్టాం. గుంటకి ఒక మనిషి. తలవైపు ఒక చెక్కమేకు, దాని మీద గుంట నంబరు. ఆ చలికాలమే మేకులన్నీ పొయ్యిల్లోకి పోయాయి. ఊరంతా తడిసి ముద్దయి ఉన్నప్పుడు ఎండుచెక్క ఎక్కడ దొరికితే అక్కడ పీక్కుపోతారు. నేను ఎవర్నీ ఏమీ అనలేదు.

మిగిలింది కాగితాలు. మనిషికో ఫారం. పైసగంలో శవం నంబరు, తేదీ, వయసు అందాజుగా, ఎత్తు, ఒంటిమీది గుడ్డలు. కిందిసగంలో వరస, గుంట. శవం నంబరుని పలక మీద పెద్దగా రాసి మనిషి పక్కన పెట్టి ఫొటో తీసేవారు. కొన్ని ఫారాలు అప్పుడే నానిపోయాయి. మిగిలినవాటిని కట్టలు కట్టి అటక మీద పడేశారు.

రెండో ఏడు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే పని మొదలైంది. గట్టుని ఎత్తు చేసి వెడల్పు చేస్తున్నారు, ఆ వెడల్పు మా వరసల మీదికే వస్తుంది. మట్టి పడేలోపు ఎవరు ఎక్కడున్నారో తేల్చి, అడిగినవాళ్లకి ఇచ్చేయాలని పైనుంచి మాట. ఆ పనిలో నా కోడలికి ఉద్యోగం దొరికింది. మార్కెట్ వెనక మేడమీద ఒక గది. మూడు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, అది తిరిగితే కాగితాలు ఎగురుతాయని ఆపేసి ఉండేది. మధ్యాహ్నం నేను క్యారేజీ తీసుకెళ్లి, వాళ్లు తినేదాకా మూల స్టూలు మీద కూర్చునేవాణ్ణి. నన్ను ఎవరూ మాట్లాడమనేవారు కాదు. నాకది హాయిగా ఉండేది.

అక్కడి పద్ధతి ఇది. ఒకే ఫారాన్ని ఇద్దరు కొట్టాలి, ఒకరు కొట్టింది ఇంకొకరు చూడకుండా. ఇద్దరిదీ ఒకటే అయితే ఫారం లోపలికి పోతుంది. తేడా వస్తే ఆ గడి ఎర్రగా నిలబడుతుంది, అప్పుడు అసలు కాగితం తీసి నా కోడలు తేలుస్తుంది. కొట్టేవాళ్లలో ఒకతి బక్కపిల్ల, నోరు మూతపడదు, అందరూ పిచ్చుక అనేవారు. రెండోవాడు నడివయసు మనిషి, ఎవరికీ ఏమీ కాడు గానీ అందరికీ బావగారే.

మొదట్లో రోజంతా ఎర్రగడులే. ఫారం పైసగం రాసింది ఆస్పత్రి షెడ్డు దగ్గర కూర్చున్న గుమస్తా. ఆయన ఒకటి రాస్తే నెత్తిన ఇంత పొడుగు ముక్కు ఉంటుంది. చూస్తే ఏడే. సున్నా రాస్తే తోక పైకి లేస్తుంది. చూస్తే ఆరే.

"ఆయన బతికుంటే వెళ్లి చెయ్యి విరిచేసి వచ్చేదాన్ని," అంది పిచ్చుక.

"పోయినాయన్ని అనకే," అన్నాడు బావగారు.

"పోయినాయన ఊరికే పోకుండా, పోయినవాళ్లందరికీ నంబర్లు తప్పుగా వేసి పోయాడుగా!"

నా కోడలు నవ్వలేదు. అన్నం తింటూ నాకు చెప్పింది. నాకే ఎందుకంటే నేనైతే అడ్డుపడను.

"అంకెని ఒంటరిగా చూస్తే మోసపోతాం మావయ్యా. అదే చెయ్యి రాసిన ఇంకో అంకె తెచ్చి పక్కన పెట్టాలి. అదీ మనకి ముందే తెలిసిన అంకె అయ్యుండాలి. వరద వచ్చింది పదో నెలలో కదా. ప్రతి ఫారంలో తేదీ దగ్గర పది ఉంటుంది. అంటే ఆయన ఒకటి ఎలా రాస్తాడో, సున్నా ఎలా రాస్తాడో అక్కడే ఉంది. ఇంక అనుమానం ఏముంది?"

అలా చూసి ఆమె ఒక చీటీ రాసి రెండు కంప్యూటర్ల మీదా అంటించింది. ఒకటికి ముక్కు ఉంటుంది. ఏడుకి ముక్కుతో పాటు నడుం మీద అడ్డగీత కూడా ఉంటుంది, ఆయన ఎప్పుడూ మానలేదు. తోక చూసి మోసపోవద్దు, గుండ్రం ఎక్కడ మూసుకుందో చూడండి. నెత్తి దగ్గర మూసుకుంటే సున్నా, నడుం దగ్గర మూసుకుంటే ఆరు.

పిచ్చుక దాన్ని ఒక్క ముక్కలో పెట్టేసింది. "బెల్టు ఉన్నోడు ఏడు, బెల్టు లేనోడు ఒకటి!"

ఆ తర్వాత ఎర్రగడులు తగ్గిపోయాయి. చేతులు టపటపా కొట్టుకుపోయేవి.

దర్జీ ఆమె ఆ గదికి వచ్చింది ఆ రోజుల్లోనే. బజార్లో కుట్టుమిషన్ పెట్టుకుని బతికే మనిషి. వరదలో కూతుర్ని తేవడానికి మొగుడు బడికి వెళ్లాడు. పాప శవం దొరికింది. ఊరవతల వాళ్లవాళ్ల సమాధులున్న చోట పెట్టుకున్నారు. అతను దొరకలేదు. రెండేళ్లుగా ఆమె ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. ఈమధ్యే ఫొటోలు చూడనిచ్చారు. ఒక ఫొటోలో మొహం మొహంలా లేదు గానీ చొక్కా మోచేతి దగ్గర మాసిక ఉంది. ఆ మాసిక తన చేతిదే.

"నా కుట్టు నాకు తెలీదా అమ్మా. పాపని ఒక్కదాన్నే వదిలేసి వచ్చాను అక్కడ. ఆరేళ్ల పిల్ల. చీకటంటే భయం దానికి. వాళ్ల నాన్నని తీసుకెళ్లి పక్కన పెడితే నాకింకేం అక్కర్లేదు."

ఫొటోలో పలక మీద రెండు వందల ఆరు అని ఉంది. కంప్యూటర్లో ఆ నంబరే లేదు. రెండు వందలు మాత్రం రెండుసార్లు ఉంది. శవం నంబరు ఎవరికీ రెండోసారి ఇవ్వరు. నా కోడలు రెండు కాగితాలూ తీయించింది. చీటీ రాయకముందు ఎక్కించినవి అవి. ఒకదాంట్లో చివరి గుండ్రం నెత్తి దగ్గర మూసుకుని తోక బయటికి పోయింది. రెండోదాంట్లో తోక పైనుంచి దిగి వచ్చి నడుం దగ్గర మూసుకుంది.

"ఇదే. ఇది ఆరు," అంది. గుడ్డల దగ్గర మోచేతికి మాసిక ఉన్న చొక్కా అని రాసి ఉంది.

దర్జీ ఆమె ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. దాని పక్కన బల్ల మీద చెయ్యి పెట్టింది. నా కోడలు ఆ చేతి మీద చెయ్యి వేసింది. ఆ గదిలో అందరికీ ఆ పూట ఏదో సాధించినట్టే ఉంది. బావగారు టీ తెప్పించాడు.

కింద గుంట నంబరు ఉంది. మూడో వరస. నా కోడలు ఆ ఫారాన్ని ఇద్దరిచేతా మళ్లీ కొట్టించింది. చీటీ చూసి ఇద్దరూ పదకొండే కొట్టారు. బెల్టు లేదు కదా. ఇద్దరిదీ ఒకటే కాబట్టి ఆ గడి ఎర్రబడలేదు. నా కోడలు కూడా కాగితం మీద ఓసారి చూసి, పదకొండు అని రాసి, సంతకం పెట్టి ఇచ్చింది.

తవ్వి తీయడానికి ఆర్డరు వచ్చేసరికి గట్టుకి మట్టి తెచ్చే లారీలు మొదలయ్యాయి. మొదటి రెండు వరసలూ అప్పటికే మట్టికింద ఉన్నాయి. మూడో వరస మర్నాటికి. ఆర్డరు కాగితం మీద వరస మూడు, గుంట పదకొండు, ముద్ర. ఆరోగ్యశాఖ ఆఫీసరు వచ్చాడు, ఒక పోలీసు వచ్చాడు. వరస చివర రాయి నుంచి టేపు పట్టుకుని కొలిచి ఇక్కడ అన్నారు. నేనూ ఇంకొకడూ దిగాం.

దర్జీ ఆమె కొంచెం దూరంలో నిలబడింది. చంకలో కొత్త దుప్పటి. అంచు తానే కుట్టుకుని తెచ్చింది.

"పెద్దాయనా, మెల్లిగా," అంది ఒకసారి.

పార పక్కన పెట్టి చేతుల్తో తీశాం. ముందు జడ కనిపించింది. రిబ్బను ఇంకా కట్టే ఉంది. గాజుపూసలు.

నాతో ఉన్నవాడు నా వంక చూశాడు. నేను పైకి చూశాను. ఆమె అప్పటికే దగ్గరికి వచ్చేసింది. ఎవరూ ఆపలేదు.

"ఎవరో ఆడమనిషి," అంది. ఏడవలేదు. "ఆవిణ్ణి లేపేశాం."

ఆఫీసరు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. కప్పేయమన్నాడు. కప్పేశాం. పూసలు ఎలా ఉన్నవి అలా సర్ది కప్పాను. దర్జీ ఆమె దుప్పటి విప్పుదామా వద్దా అన్నట్టు కాసేపు పట్టుకుని, మళ్లీ చంకలో పెట్టుకుంది.

నేను కాళ్లు కడుక్కుని నేరుగా మేడమీది గదికి వెళ్లాను. క్యారేజీ లేకుండా వెళ్లడం అదే మొదలు. నా కోడలు నా చేతులు చూసి లేచి నిలబడింది.

"దొరికాడా మావయ్యా?"

"కాదు. ఆడమనిషి."

కోడలు బీరువా తీసి ఆ ఫారం బల్లమీద పెట్టింది. ఈసారి భూతద్దం తెచ్చుకుంది. చాలాసేపు వంగి చూసింది. తర్వాత అద్దం కింద పెట్టేసి మామూలు కళ్లతో చూసింది.

"పిచ్చుకా, ఇలా రా. ఈ రెండంకెలూ ఒకేలా ఉన్నాయా?"

"రెండూ ఒకట్లేగా అక్కా."

"నేను అడిగేది అది కాదు. ఒకేలా ఉన్నాయా అని."

పిచ్చుక వంగింది. "మొదటిదానికి ముక్కు లేదు. ఉత్త గీత. రెండోదానికి ఉంది."

"గుమస్తా ఎప్పుడైనా ఉత్త గీత రాశాడా?"

బావగారు తన కట్టలోంచి నాలుగైదు కాగితాలు లాగి చూశాడు. తేదీల దగ్గర ప్రతి ఒకటికీ ముక్కు ఉంది. ఒక్కటి కూడా ఉత్త గీత లేదు.

నా కోడలు నావైపు తిరిగింది.

"మావయ్యా, గుంట నంబరు ఎవరు రాసేవారు?"

"మాచేత తవ్వించిన మేస్త్రీ."

"గుమస్తా కాదా?"

"ఆయన షెడ్డు దాటి ఇటు రాలేదు. వాసన పడేది కాదు."

"సిరా ఒకటేగా మరి?"

"మేస్త్రీకి పెన్ను లేదు. కాగితాలతో పాటు గుమస్తా పెన్నే పంపేవాడు, సాయంత్రం తిరిగి తీసుకునేవాడు."

ఆమె కుర్చీలో కూర్చుంది. మేస్త్రీ కూడా అప్పటికి లేడు, లివరు చెడి పోయాడు. ఉన్నా గుర్తుండేది కాదు. అందరం ఆ రోజుల్లో ఎంత తక్కువ గుర్తుంచుకుంటే అంత మంచిదనుకున్నాం.

బావగారు మూడో వరస కాగితాలన్నీ పరిచాడు. పన్నెండు, పద్నాలుగు, పదిహేను. అన్నిట్లో మేస్త్రీ ఒకటి ఉత్త నిలువుగీతే. పక్క వరసలో ఇరవై ఏడు దొరికింది. ఉత్త గీతతో రాసిన ఇరవై ఒకటి ఆ వరసలో వేరే ఉంది, కాబట్టి ఇది ఏడే. దానికి ముక్కు ఉంది. బెల్టు లేదు.

"పదిహేడు," అంది నా కోడలు. "ఆయన పదిహేడులో ఉన్నాడు."

"మరి రెండు వందల్లాగే పదకొండు కూడా రెండుసార్లు కనబడాలి కదా అక్కా?" అంది పిచ్చుక.

"పదకొండు ఫారం నానిపోయింది. పదిహేడుకి కాగితం లేదని మనమే ఖాళీ వదిలాం. ఖాళీలు చాలా ఉన్నాయిగా, ఇదీ ఒకటనుకున్నాం." ఫారాలు ఒకచోటికి తీస్తూ అంది, "మీ తప్పు కాదు. మీరు ఇద్దరూ చీటీ చూసి కొట్టారు. ఇద్దరి ముందూ ఒకే చీటీ పెడితే ఇద్దరెందుకు, ఒక్కరు చాలు."

లేచి రెండు కంప్యూటర్ల మీది చీటీలూ పీకేసింది.

ఆఫీసరు దగ్గరికి ముగ్గురం వెళ్లాం, నా కోడలు, నేను, దర్జీ ఆమె. దర్జీ ఆమెకి కోడలు దారిలోనే అంతా చెప్పింది. ఏమీ దాచుకోలేదు. ఆమె వింటూ నడిచింది. ఒక్కసారే మాట్లాడింది.

"నేను కొలత తప్పితే గుడ్డే పోతుంది తల్లీ."

ఆఫీసరు చెడ్డవాడు కాదు. కుర్చీలు వేయించాడు. కాగితాలన్నీ చూశాడు. గీతలకి, ముక్కులకి తల ఊపాడు.

"మీరు చెప్పింది నాకు అర్థమైందమ్మా. కానీ ఈ ఆర్డరుకి పదకొండు అని మీరే సంతకం పెట్టి ఇచ్చారు. ఇవాళ పదిహేడు అంటున్నారు. అప్పుడూ ఇంతే నమ్మకంగా చెప్పారు కదా?"

"చెప్పాను సార్."

"ఆర్డరు ఒక గుంటకి. అది వాడేశాం. కొత్తది కావాలంటే మళ్లీ పైకి రాయాలి. వారాలు పడుతుంది."

"లారీలు ఆపండి సార్. ఒక్క ఆ వరస దగ్గర," అంది దర్జీ ఆమె.

అతను గట్టు పని చూసే ఇంజనీరుకి ఫోను చేశాడు. అవతలివాడు అరవడం మాకూ వినిపించింది. ఎగువన వానలు పడుతున్నాయి, గట్టు లేవకపోతే ఊరు మళ్లీ మునుగుతుంది, ఒక్క రోజు ఆగితే యంత్రాలు వేరేచోటికి పోతాయి. ఆఫీసరు ఫోను పెట్టేశాడు.

"మట్టి పడ్డాక తీయరా?" అంది దర్జీ ఆమె.

"గట్టుని తవ్వనివ్వరమ్మా. ఎప్పటికీ."

ఆమె లేచింది. గుమ్మం దగ్గర ఆగి నా కోడల్ని అడిగింది. "ఈసారి నిజమేనా? పదిహేడులోనే ఉన్నాడా?"

"నాకు తెలిసినంతలో నిజం," అంది నా కోడలు. " తవ్వి చూస్తేగానీ పూర్తిగా తెలీదు."

"ఆ మాట అప్పుడే అనుంటే," అంది దర్జీ ఆమె. దుప్పటి చంకలోంచి జారుతుంటే సర్దుకుని మెట్లు దిగిపోయింది.

ఇంటికొచ్చాక కోడలు అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి అలాగే వదిలేసింది.

"ఎర్రగడి వస్తేనే తప్పు ఉందనుకున్నాను మావయ్యా. రాకపోతే లేదనుకున్నాను."

తినమన్నాను. తినలేదు.

తెల్లారి నేను పాత సామాన్ల కొట్టుకి వెళ్లి, వాడు తలుపు తీసేదాకా గుమ్మంలో కూర్చుని, రెండు ఇనప గొట్టాలు తీసుకున్నాను. నా ఎత్తుకి రెండింతలు పైనే ఉన్నాయి. భుజాన వేసుకుని గట్టు దగ్గరికి పోయాను. మూడో వరస రాయి దగ్గర టేపు మొదలుపెట్టి కొలుచుకుంటూ పోయి, పదిహేడో గుంట తలవైపు సన్న గొయ్యి తీసి ఒక గొట్టం నిలబెట్టి, చుట్టూ తట్టెడు రాళ్లు పోసి సమ్మెటతో దిగ్గొట్టాను. రెండోది పదకొండు దగ్గర. ఆవిణ్ణి కదిలించాం కదా.

మొదటి లారీ వచ్చి ఆగింది. డ్రైవరు తల బయట పెట్టాడు.

"ఏంటి తాతా, బోరు వేస్తున్నావా?"

డబ్బాలో తెల్లరంగు తెచ్చుకున్నాను. తట్ట బోర్లించి దాని మీద ఎక్కి, చేయి అందినంత ఎత్తున, మట్టి అక్కడిదాకా రాదనుకున్నచోట రాశాను. పదకొండుకి రెండు ఉత్త గీతలు. పదిహేడుకి ఒక ఉత్త గీత, పక్కన ఏడు. ఏడుకి నడుం మీద అడ్డంగా బెల్టు పెట్టాను, లావుగా, రెండుసార్లు దిద్ది.

రంగు ఆరేదాకా నిలబడ్డాను. తర్వాత పక్కకి జరిగి లారీని రమ్మని చేయి ఊపాను.